ప్రయాణం నుంచి జ్వరంతో తిరిగొచ్చిన పేషెంటు: మలేరియా పరీక్ష ముందు, తేదీల లెక్క వెంటనే

ఓపీలో, క్యాజువాలిటీలో కూర్చునే డాక్టర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఉష్ణమండల దేశం వెళ్లొచ్చి జ్వరం అంటున్నాడు, ఏయే పరీక్షలు రాయాలి?" పెద్ద లిస్టు రాసేయడం తేలికే. కానీ ఆ లిస్టులో సగం మీ పేషెంటుకు పనికిరాదు. మిగతా సగంలో ఒక పరీక్ష మాత్రం ఈరోజే, ఈ పూటే జరగాలి. అది మలేరియా పరీక్ష. ఆ తర్వాత దేన్ని వెతకాలో, దేన్ని వదిలేయాలో చెప్పేది ప్రయాణం తేదీలు. ఈ రెండు పనులు సరిగ్గా ఎలా చేయాలో, ఎక్కడ తప్పుతుందో వరసగా చూద్దాం.

ఇది చదువుతున్న మీరే ఆ పేషెంటు అయితే ఒక్క మాట: కింద రాసిన మందులు ఇంట్లో మొదలుపెట్టడానికి కాదు. ఈరోజే ఆసుపత్రికి వెళ్లి, ఏ దేశంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో మొదటి మాటగా చెప్పండి.

దగ్గర ఉండాల్సినవి

- క్యాలెండరు, కాగితం, పెన్ను. ఇది సరదాకి రాసింది కాదు. నోటి లెక్కలో రోజులు తప్పుతాయి.
- మలేరియా కార్డు టెస్టు (ర్యాపిడ్ టెస్టు). హెచ్‌ఆర్‌పీ2 గీత, ఎల్‌డీహెచ్ గీత రెండూ ఉన్నది మేలు.
- ఈడీటీఏ ట్యూబు, స్లైడులు, జీమ్సా స్టెయిను, వాటిని చదవగలిగిన మనిషి. రిపోర్టు గంటల్లో రావాలి. "రేపు సాయంత్రం" అనే ల్యాబు ఈ పనికి పనికిరాదు.
- బ్లడ్ కల్చర్ బాటిళ్లు, రెండు సెట్లు.
- గ్లూకోమీటరు.
- ఆర్టెసునేట్ ఇంజెక్షను ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసి ఉండటం. అర్ధరాత్రి అవసరమైనప్పుడు వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

1. ముందు రెండు నిమిషాలు: ప్రమాదం ఉందా, విడిగా ఉంచాలా?

కుర్చీలో కూర్చోబెట్టి చరిత్ర అడిగే ముందే పేషెంటును ఒకసారి చూడండి. తికమకగా మాట్లాడటం, ఫిట్స్, లేచి కూర్చోలేనంత నీరసం, వేగంగా లోతుగా ఊపిరి తీయడం, కామెర్లు, మూత్రం తగ్గడం లేదా నల్లబడటం, ఎక్కడి నుంచైనా రక్తస్రావం, బీపీ పడిపోవడం. వీటిలో ఏది ఉన్నా అడ్మిషనే. షుగరు వెంటనే చూడండి. మలేరియాలో షుగరు పడిపోతే మనిషి మత్తుగా కనిపిస్తాడు, దాన్ని మెదడుకు ఎక్కిన మలేరియా అనుకుని పొరబడతారు. రెండూ కలిసే ఉండొచ్చు కూడా.

తర్వాత ఒక్క ప్రశ్న: ఎబోలా, మార్‌బర్గ్, లాసా లాంటి రక్తస్రావ జ్వరాలు ఉన్న ప్రాంతం వదిలి 21 రోజుల్లోపే జ్వరం మొదలైందా? అవునంటే ఇంకొంచెం లోతుగా అడగండి. అక్కడ జబ్బుపడిన వాళ్లకు సేవ చేశారా, అంత్యక్రియల్లో శవాన్ని ముట్టుకున్నారా, గబ్బిలాలుండే గుహలోకో గనిలోకో వెళ్లారా, అడవి జంతువుల మాంసంతో పని పడిందా? అనుమానం బలంగా ఉంటే విడి గదిలో ఉంచి, రక్షణ దుస్తులతోనే రక్తం తీసి, ల్యాబుకూ ప్రజారోగ్య అధికారులకూ ముందే చెప్పండి. అయితే ఈ హడావుడిలో మలేరియా పరీక్ష మాత్రం ఆగకూడదు. అలాంటి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లలో కూడా ప్రాణం తీసేది ఎక్కువసార్లు మలేరియానే.

2. మూడు తేదీలు రాయండి

కాగితం మీద ఒక గీత గీసి మూడు తేదీలు పెట్టండి:

- ఆ ప్రాంతంలో అడుగుపెట్టిన రోజు
- ఆ ప్రాంతం వదిలిన రోజు
- జ్వరం మొదలైన రోజు

"ఎప్పుడొచ్చారు, ఎన్నాళ్లయింది?" అని అడిగి ఊరుకుంటే దొరికేది తిరిగొచ్చిన రోజు నుంచి ఓపీకి వచ్చిన రోజు దాకా లెక్క. దానితో మనకు పనిలేదు. మనకు కావాల్సింది జ్వరం మొదలైన రోజు. ఒళ్లు నొప్పులు, చలి మొదలైనా పారాసిటమాల్ వేసుకుంటూ నెట్టుకొచ్చిన రోజులు పేషెంటు లెక్కలోకి రావు. అందుకే "మొట్టమొదట ఒళ్లు బాగాలేదనిపించింది ఎప్పుడు?" అని అడగండి. ఆ రోజును ఏదైనా సంఘటనతో ముడిపెట్టండి. విమానం దిగిన ఆదివారమా, ఆఫీసులో చేరిన తర్వాతా అంటే జ్ఞాపకం వస్తుంది.

ఇప్పుడు రెండు తీసివేతలు చేయాలి.

కనీసం = జ్వరం మొదలైన రోజు − ప్రాంతం వదిలిన రోజు
గరిష్ఠం = జ్వరం మొదలైన రోజు − అడుగుపెట్టిన రోజు

అక్కడే సోకిన జబ్బు అయితే దాని పొదిగే కాలం ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడో ఉండాలి. ఏ జబ్బు పొదిగే కాలం ఈ పరిధిని తాకదో దాన్ని కొట్టేయొచ్చు. ఈ లెక్క బలమంతా కొట్టేయడంలోనే ఉంది. ఫలానా జబ్బే అని తేల్చే శక్తి దీనికి లేదు.

ఒక ప్రత్యేకమైన సంఘటన ఉంటే దానికి విడిగా లెక్క వేయండి. ఫలానా రోజు సరస్సులో ఈదడం, ఫలానా రోజు గోమారి కరవడం లాంటివి. ఇక్కడ పరిధి ఉండదు, ఒకే అంకె వస్తుంది. అందుకే ఇది మరింత ఉపయోగం.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: "ఈ ప్రయాణం కాక, గత ఏడాదిలో ఇంకెక్కడికైనా వెళ్లారా?" ఎందుకో 4వ మెట్టులో తెలుస్తుంది.

3. మలేరియా పరీక్ష, ఈ పూటే

జ్వరం లెక్కలో మలేరియా సాధ్యమైతే, అంటే మలేరియా ప్రాంతంలో అడుగుపెట్టి 6 రోజులు దాటాక మొదలైన ఏ జ్వరమైనా సరే, కార్డు టెస్టు, థిక్ స్మియరు, థిన్ స్మియరు మూడూ పంపండి. ప్రస్తుతం ఒళ్లు చల్లగా ఉన్నా పంపండి. జ్వరం వచ్చినప్పుడే రక్తం తీయాలని ఎదురుచూడటం పాత అలవాటు. దాంతో గంటలు పోవడం తప్ప లాభం లేదు. రోజు విడిచి రోజు చలిజ్వరం రావాలన్న నియమం కూడా వదిలేయండి. ఫాల్సిపారం మొదటి రోజుల్లో ఎలా పడితే అలా వస్తుంది. విరేచనాలతో, దగ్గుతో, కామెర్లతో కూడా మొదలవుతుంది.

కార్డు టెస్టు త్వరగా ఫాల్సిపారం అవునో కాదో చెబుతుంది. స్మియరు ఏ జాతో, ఎంత శాతం ఎర్రకణాల్లో ఉందో చెబుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

స్మియరులో జరిగే తప్పులు ఎక్కువగా ల్యాబు బల్ల దగ్గరే జరుగుతాయి. కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం.

ట్యూబులో రక్తం గంటల తరబడి నిలవ ఉంటే పరాన్నజీవుల ఆకారం చెడిపోతుంది, జాతి గుర్తుపట్టడం కష్టమవుతుంది. తీసిన గంటలోపు స్లైడు చేయించండి. థిక్ స్మియరు కోసం ఒక చుక్కను సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు వచ్చేలా గుండ్రంగా పరచాలి. దాని కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు కనీకనపడనట్టు చదవగలగాలి, అదే సరైన మందం. బాగా ఆరాలి. దీన్ని మిథనాల్‌లో ముంచకూడదు. మిథనాల్ థిన్ స్మియరుకే. రెండూ ఒకే స్లైడు మీద చేసినప్పుడు మిథనాల్ పొరపాటున థిక్ వైపు పాకితే ఎర్రకణాలు పగలవు, పరాన్నజీవులు వాటి కింద దాగిపోతాయి. "నెగెటివ్" రిపోర్టు వచ్చే దారుల్లో ఇదొకటి.

స్టెయినుకు వాడే బఫరు పీహెచ్ 7.2 ఉండాలి. మామూలు రక్తపు స్లైడులకు వాడే 6.8 బఫరుతో చేస్తే వైవాక్స్, ఓవేల్ సోకిన కణాల్లో కనిపించాల్సిన షుఫ్నర్ చుక్కలు కనిపించవు.

థిక్ స్మియరులో ఆయిల్ ఇమ్మర్షన్ కింద కనీసం 200 ఫీల్డులు చూశాకే నెగెటివ్ అనాలి. రిపోర్టులో "కనబడలేదు" అని మాత్రమే ఉంటే ఫోన్ చేసి, ఎన్ని ఫీల్డులు చూశారో అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

కార్డు టెస్టుకూ కొన్ని గుంటలున్నాయి. పరాన్నజీవులు తక్కువ ఉంటే పట్టుకోదు. విపరీతంగా ఎక్కువ ఉన్నప్పుడు కూడా అరుదుగా హెచ్‌ఆర్‌పీ2 గీత మసకబారుతుంది, లేదా అసలు రాదు. హెచ్‌ఆర్‌పీ2 జన్యువు పోయిన ఫాల్సిపారం రకాలు ఎరిత్రియా, ఇథియోపియా వైపు, పెరూ అమెజాన్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చినవాళ్లలో ఆ ఒక్క గీతను నమ్ముకోవద్దు. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది: మలేరియా తగ్గిన తర్వాత కూడా హెచ్‌ఆర్‌పీ2 కొన్ని వారాలు రక్తంలో తిరుగుతుంది. నెల క్రితం అక్కడే మలేరియాకు మందు వాడిన మనిషికి ఈరోజు కార్డు పాజిటివ్ వస్తే, అది పాత మలేరియా జాడ కావచ్చు. స్మియరే తేలుస్తుంది.

అదే సూదితో మిగతావీ తీసేయండి: రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, షుగరు, కల్చరు రెండు సెట్లు. పెద్దవాళ్లకైతే ఒక్కో బాటిలులో 8 నుంచి 10 మి.లీ. కల్చరు యాంటీబయాటిక్‌కు ముందే తీయాలి. వైడాల్ రాయకండి. ఇక్కడ అది చేసే మేలు కంటే దారి తప్పించడమే ఎక్కువ.

4. తేదీల పరిధిని జబ్బుల మీద పరచండి

స్మియరు చదివేలోపు ఈ పని చేసుకోవచ్చు. పొదిగే కాలాలన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. మూడు గీతలు గుర్తుంటే చాలు: 6 రోజులు, 14 రోజులు, 21 రోజులు.

గరిష్ఠం 6 రోజుల కంటే తక్కువ వస్తే ఈ ప్రయాణంలో సోకిన మలేరియా కాదు. దోమ కుట్టాక ఫాల్సిపారం ముందు కాలేయంలో సుమారు వారం గడుపుతుంది. రక్తంలోకి రాకముందు జ్వరం రాదు. ఇక్కడే పాత ప్రయాణాల ప్రశ్న అక్కరకొస్తుంది. వైవాక్స్, ఓవేల్ కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయి నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక లేస్తాయి. నాలుగు రోజుల కిందట ఒక దేశం వెళ్లినవాడికి ఎనిమిది నెలల కిందటి వేరే ప్రయాణం ఇప్పుడు జ్వరం తెప్పించొచ్చు.

కనీసం 14 రోజులు దాటితే డెంగీ, చికున్‌గున్యా, జికాలను ఆ ప్రయాణం ఖాతాలోంచి తీసేయొచ్చు. డెంగీ మామూలుగా 4 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది, 14 దాటడం లేదనే చెప్పొచ్చు. గోమారి కాటు వల్ల వచ్చే ఆఫ్రికన్ టిక్ బైట్ ఫీవరు కూడా వారం పది రోజుల జబ్బే.

కనీసం 21 రోజులు దాటితే రక్తస్రావ జ్వరాల భయం తొలగుతుంది. విడి గది ఖాళీ చేయొచ్చు.

21 దాటినా నిలబడేవి: మలేరియా, టైఫాయిడు (6 నుంచి 30 రోజులు), హెపటైటిస్ ఎ, ఇ, అమీబా వల్ల కాలేయంలో చీముగడ్డ, మంచినీటి సరస్సులో ఈదాక 2 నుంచి 12 వారాల మధ్య స్కిస్టోసోమా వల్ల వచ్చే కటయామా జ్వరం, ఇంకా నెమ్మదిగా వచ్చే క్షయ. ప్రతి గీత దగ్గరా చూడండి, మలేరియా పేరు చెరగదు. ఫాల్సిపారంలో ఎక్కువ కేసులు తిరిగొచ్చిన నెలలోపు, దాదాపు అన్నీ 3 నెలల్లోపు బయటపడతాయి. నివారణ మందులు వాడినవాళ్లలో, అక్కడే పుట్టి పెరిగి కొంత నిరోధక శక్తి మిగిలినవాళ్లలో ఇంకా ఆలస్యం కావొచ్చు.

ఫ్లూ, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షను ప్రయాణికులకూ వస్తాయి. వాటికి ఏ దేశమూ అక్కర్లేదు. అవి దొరికాయని మలేరియా పరీక్ష మానొద్దు.

5. పాజిటివ్ వస్తే

మూడు ప్రశ్నలు: ఏ జాతి, ఎంత శాతం, తీవ్రమా కాదా?

శాతం థిన్ స్మియరులో లెక్కపెడతారు. 1000 ఎర్రకణాల్లో ఎన్నింటిలో పరాన్నజీవి ఉందో చూడాలి. ఒకే కణంలో రెండు ఉంగరాలుంటే అది ఒక కణమే. ఉంగరాలను లెక్కపెడితే శాతం పెరిగిపోతుంది. 10% దాటితే ఇంకే లక్షణం లేకపోయినా తీవ్ర మలేరియానే. 2% దాటితే తీవ్రంలోకి జారే అవకాశం ఎక్కువ. అయితే తక్కువ శాతం చూసి ధీమా పడకూడదు. ఫాల్సిపారంలో పెద్దవైన పరాన్నజీవులు లోపలి సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. స్లైడు మీద మనకు కనిపించేది తిరుగుతున్న చిన్న ఉంగరాలే.

తీవ్రమైతే ఆర్టెసునేట్ నరం ద్వారా, కిలోకు 2.4 మి.గ్రా. చొప్పున 0, 12, 24 గంటలకు, ఆ తర్వాత రోజుకొకసారి. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మి.గ్రా. 60 కిలోల మనిషికి ఒక డోసు 144 మి.గ్రా. బైకార్బొనేట్‌తో కలిపే 60 మి.గ్రా. వయల్ కిట్టు అయితే, పొడిని 1 మి.లీ. బైకార్బొనేట్‌తో కరిగించి 5 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కు 10 మి.గ్రా. వస్తుంది. అంటే మూడు వయల్స్ తెరిచి 14.4 మి.లీ. తీసి, నెమ్మదిగా నేరుగా నరంలోకి ఇవ్వాలి. కలిపాక గంటలోపు వాడేయాలి, డ్రిప్పులో వేలాడదీయకూడదు. వేరే రకం ద్రావకంతో వచ్చే కిట్లూ ఉన్నాయి, పెట్టెలోని కాగితం చదవండి. కనీసం 24 గంటలు ఇంజెక్షను ఇచ్చి, నోటితో మింగగలిగాక 3 రోజుల ఆర్టెమిసినిన్ కాంబినేషన్ మాత్రల కోర్సు పూర్తిగా ఇవ్వాలి. ఇంజెక్షనుతో బాగయ్యాడని మాత్రలు మానేస్తే మలేరియా తిరగబెడుతుంది. సెలైను ధారాళంగా ఎక్కించొద్దు. మలేరియాలో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం తేలిక.

తీవ్రం కాని ఫాల్సిపారానికి ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్. 35 కిలోలు దాటినవాళ్లకు 20/120 మి.గ్రా. మాత్రలు నాలుగేసి చొప్పున 0, 8, 24, 36, 48, 60 గంటలకు. రెండో డోసు 8 గంటలకే అన్నది తరచూ తప్పుతుంది, చీటీ మీద గడియారం టైములు రాసివ్వండి. పాలతోనో కొవ్వున్న ఆహారంతోనో మింగాలి, లేకపోతే లుమెఫాంట్రిన్ సరిగా ఒంటికెక్కదు. మింగిన గంటలోపు వాంతైతే డోసు మళ్లీ ఇవ్వండి. వాంతులు ఆగకపోతే ఇంజెక్షనే దారి. పేషెంటు నివారణకు వాడిన మందునే చికిత్సకు వాడకూడదు.

వైవాక్స్ లేదా ఓవేల్ అయితే రక్తంలోని వాటికి మందు ఇచ్చాక, కాలేయంలో నిద్రపోతున్నవాటికి ప్రైమాక్విన్ 14 రోజులు కావాలి. ముందు జీ6పీడీ పరీక్ష. గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వరు.

6. నెగెటివ్ వస్తే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఒక నెగెటివ్ అంటే "ఈ పూట దొరకలేదు" అని మాత్రమే అర్థం. 12 నుంచి 24 గంటలకొకసారి మళ్లీ స్మియరు పంపండి. మొదటి రోజుది కలుపుకుని మొత్తం మూడు, 48 నుంచి 72 గంటల్లో పూర్తి కావాలి. మూడూ మంచి చేతిలో నెగెటివ్ అయితే మలేరియా కాదనుకోవచ్చు. అయినా అనుమానం బలంగా ఉంటే పీసీఆర్.

ఈ మధ్యలో పేషెంటు ఎక్కడున్నాడన్నది ముఖ్యం. రేపు తప్పకుండా వస్తాడన్న నమ్మకం లేకపోతే అడ్మిట్ చేయండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. డెంగీ ఇంకా లిస్టులో ఉండగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. పేషెంటు స్థిరంగా ఉంటే, కారణం తెలియకుండా డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మొదలుపెట్టొద్దు. వీటికి మలేరియా మీద కొంచెం పని ఉంది. నయం చేయవు గానీ స్లైడును మసకబారుస్తాయి. మనిషి క్షీణిస్తున్నాడు, ల్యాబు అందుబాటులో లేదు, ఫాల్సిపారం సాధ్యమే అన్నప్పుడు మాత్రం పరీక్ష కోసం ఆగకుండా ఆర్టెసునేట్ ఇచ్చేయండి.

ఒక కేసు, తేదీలతో సహా

ఈ మెట్లన్నీ ఎలా కలుస్తాయో చూపడానికి ఒక ఊహా కేసు. 34 ఏళ్ల ఇంజనీరు. మొజాంబిక్‌లోని నంపూలాలో పనికి మార్చి 2న దిగాడు, మార్చి 23న బయల్దేరి వచ్చేశాడు. ఏప్రిల్ 5న ఓపీకి వచ్చి "నిన్నటి నుంచి జ్వరం" అన్నాడు. తరచి అడిగితే ఏప్రిల్ 3 సాయంత్రం చలి, నడుము నొప్పి మొదలయ్యాయని, పారాసిటమాల్ వేసుకున్నానని తేలింది.

కనీసం: మార్చి 23 నుంచి ఏప్రిల్ 3 వరకు 11 రోజులు. గరిష్ఠం: మార్చి 2 నుంచి 32 రోజులు. మార్చి 15న నియాసా సరస్సులో ఈదాడు. దానికి లెక్క ఒకే అంకె, 19 రోజులు.

పరిధి 11 నుంచి 32. మలేరియా నిలబడుతుంది. టైఫాయిడు నిలబడుతుంది. డెంగీ సాధ్యమే గానీ అంచున ఉంది: అక్కడి నుంచి బయల్దేరే ముందు చివరి రోజుల్లో దోమ కుట్టి, మామూలు కంటే ఆలస్యంగా బయటపడి ఉండాలి. కటయామాకు 19 రోజులు కొంచెం ముందే, కానీ కొట్టేయలేం. ఈసినోఫిల్స్ చూడాలి. 21 రోజుల ప్రశ్న అడిగితే జబ్బుమనుషులతో, శవాలతో, గుహలతో పని పడలేదు.

నివారణకు డాక్సీసైక్లిన్ వాడాడు, "ఒక్క రోజు కూడా మానలేదు" అన్నాడు. ఎప్పటి వరకు అని అడిగితే, విమానం ఎక్కిన రోజు వరకు. లోపం అక్కడుంది. డాక్సీసైక్లిన్ తిరిగొచ్చాక ఇంకా 4 వారాలు వాడాలి. అది రక్తంలోకి వచ్చిన పరాన్నజీవుల మీద పనిచేసే మందు. మార్చి 20న కుట్టిన దోమ వదిలిన పరాన్నజీవి కాలేయం నుంచి 27న బయటికొస్తే, అప్పటికి రక్తంలో మందు లేదు. ఏప్రిల్ 3న జ్వరం రావడం దీనికి అతికినట్టు సరిపోతుంది. "వాడారా?" అని కాక "చివరి మాత్ర ఏ రోజు?" అని అడగాలనేది ఇందుకే.

ఏప్రిల్ 5 మధ్యాహ్నం: కార్డు నెగెటివ్, స్మియరు నెగెటివ్. ప్లేట్‌లెట్లు 92,000, తెల్లకణాలు 4,100, ఈసినోఫిల్స్ మామూలే, బిలిరుబిన్ 1.8. ప్లేట్‌లెట్లు చూసి "డెంగీ" అని రాసి పంపేయాలనిపించే చోటు ఇది. కానీ ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ ఇలాగే పడతాయి, బిలిరుబిన్ కొద్దిగా పెరగడం మలేరియా వైపే మొగ్గు చూపిస్తుంది. తేదీల లెక్కలోనూ డెంగీ అంచునే ఉంది. అడ్మిట్ చేసి, కల్చర్లు తీసి, యాంటీబయాటిక్ ఇవ్వకుండా రాత్రికి స్మియరు మళ్లీ పంపాలి.

ఏప్రిల్ 6 ఉదయం, మూడో స్మియరు: థిక్‌లో సన్నని ఉంగరాలు. థిన్‌లో 2000 కణాలు లెక్కపెడితే 8 కణాల్లో, అంటే 0.4%. ఫాల్సిపారం. స్పృహ, షుగరు, క్రియాటినిన్ బాగున్నాయి, వాంతులు లేవు. ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్ మొదటి డోసు ఉదయం 10 గంటలకు, రెండోది సాయంత్రం 6కు, మూడోది మర్నాడు ఉదయం 10కి, ఆ తర్వాత 12 గంటలకొకటి.

7. మందు పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి

జ్వరం ఒక్కటే చూడకండి, అది ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. రోజూ స్మియరు చేయించి శాతం రాసుకోండి. మొదటి 24 గంటల్లో లెక్క కొంచెం పెరిగినా కంగారు వద్దు, లోపల అతుక్కున్నవి పగిలి కొత్త ఉంగరాలు వస్తుంటాయి. మూడో రోజుకు మాత్రం మొదటి రోజు లెక్కలో నాలుగో వంతు కంటే తక్కువకు దిగాలి. పై కేసులో 0.1% కింద ఉండాలి. దిగకపోతే మందు ఒంటికెక్కలేదో, మందుకు లొంగని రకమో. డోసులు ఎప్పుడు, దేనితో మింగాడో ముందు కనుక్కోండి. ఈ తనిఖీకి కార్డు టెస్టు వాడొద్దు, అది తగ్గాక కూడా పాజిటివ్‌గానే ఉంటుంది.

మలేరియా దొరికాక కూడా కల్చరు రిపోర్టు చూడటం మరవొద్దు. పరాన్నజీవులు తగ్గుతున్నా జ్వరం తగ్గకపోతే రెండో జబ్బు ఉండొచ్చు. మన ఇంజనీరుకు సరస్సు స్నానం లెక్క ఇంకా తెరిచే ఉంది. స్నానం చేసి 19 రోజులకే స్కిస్టోసోమా రక్త పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి స్నానం చేసిన 3 నెలలకు, అంటే జూన్ మధ్యలో చేయించమని డిశ్చార్జి కాగితం మీద తేదీ వేసి రాయండి.

ఆర్టెసునేట్ ఇంజెక్షను తీసుకున్నవాళ్లకు ఇంకో తేదీ రాయాలి. మలేరియా పూర్తిగా తగ్గాక, మందు మొదలుపెట్టిన రెండో మూడో వారంలో ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ పడిపోవచ్చు. ఇంటికెళ్లాక నాలుగు వారాల పాటు వారానికొకసారి హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మూత్రం ముదురు రంగులోకి మారినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా ఆ వారం దాకా ఆగకుండా అదే రోజు రమ్మని చెప్పండి.